నొక్కితే తెరుచుకోని లింక్

అమీర్‌పేటలో మెట్రో ఎక్కిన అమ్మాయికి సీటు దొరకలేదు. ఒక చేత్తో పైనున్న పట్టీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ జరుపుతూ నిలబడింది. పంజాగుట్ట వచ్చేసరికి ఒక రీల్ దగ్గర వేలు ఆగింది. నాటకాల మనిషి ఒకాయన, నెరిసిన జుట్టు, ఎదురుగా మైకు. చిన్నప్పుడు తెర వెనుక తాడు పట్టుకుని నిలబడ్డ రాత్రి గురించి చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ తనలో తానే నవ్వుకున్నాడు. "అప్పుడేమైందంటే…" అన్నాడు. అక్కడితో 40 సెకన్లు అయిపోయాయి. మిగతా కథ పూర్తి ఎపిసోడ్‌లో ఉందని తెరమీద అక్షరాలు పడ్డాయి.

ఆ అమ్మాయి కింద ఉన్న రాతను తెరిచింది. నాలుగు వరుసల పొగడ్త, దాని కింద యూట్యూబ్ లింక్. నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. వేలు అదిమి పట్టుకుని చూసింది, కాపీ చేసుకుందామని. అదీ కుదరలేదు. ఎర్రమంజిల్ దాటింది. లింక్ చివర ఉన్న అక్షరాలు గుర్తు పెట్టుకుని యూట్యూబ్ తెరవబోయింది. యూట్యూబ్ వీడియో గుర్తులో 11 అక్షరాలుంటాయి. పెద్దబడి, చిన్నబడి, అంకెలు, అడ్డగీతలు అన్నీ కలగలిసి ఉంటాయి, ఒక్కటి తేడా వచ్చినా వీడియో రాదు. ఖైరతాబాద్ చేరేసరికి ఆమె ఫోన్‌లో వేరే రీల్ నడుస్తోంది.

ఇలాంటిది రోజూ ఎన్ని ఫోన్లలో జరుగుతుందో ఎవరూ లెక్క కట్టలేరు. ఎందుకంటే విడిచిపెట్టిన మనిషి ఎక్కడా నమోదు కాడు. ఆ షో నడిపేవాళ్లు మాత్రం "రీల్‌కి అన్ని వ్యూస్ వచ్చాయి, ఎపిసోడ్‌కి ఎందుకు రావట్లేదు?" అని తల పట్టుకుంటారు. తెలుగులో పాడ్‌కాస్ట్ పెట్టని ఊరు లేదన్నట్టుగా ఉంది ఇప్పుడు. వైద్యులు, రైతులు, రంగస్థల కళాకారులు, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు, అందరూ మైకు ముందు కూర్చుంటున్నారు. గంటన్నర సంభాషణ రికార్డు చేయడానికి పడే శ్రమ సామాన్యం కాదు. అంత శ్రమా చివరికి ఒక చిన్న టీజర్ కింద రాసే నాలుగు వాక్యాల మీద ఆధారపడుతోంది. ఆ నాలుగు వాక్యాలను మాత్రం పోస్టు పెట్టే ముందు రెండు నిమిషాల్లో రాసేస్తున్నారు.

తలుపు ఎందుకు మూశారు?

ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో ఫొటోలు పంచుకునే యాప్‌గా మొదలైంది. ఫొటో కింద రాసే రాతలో వెబ్ చిరునామా పెడితే అది వట్టి అక్షరాలుగానే కనిపించేది. ఆ పద్ధతే నడుస్తూ వచ్చింది. కామెంట్లలోనూ అంతే. నొక్కితే తెరుచుకునే లింక్‌కు ప్రొఫైల్ పైభాగంలో, 'బయో' అనే చోట మాత్రమే స్థానం ఇచ్చారు. అది కూడా చాలాకాలం ఒకే ఒక్కటి. 2023 ఏప్రిల్‌లో దాన్ని అయిదుకు పెంచారు.

లింకులు పనిచేస్తే మోసపు ప్రకటనలు ముంచెత్తుతాయన్న వాదనలో నిజం ఉంది. యూట్యూబ్ 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణల్లో, వాటి కామెంట్లలో లింకులు పనిచేయకుండా చేసినప్పుడు చెప్పిన కారణం అదే. అయితే కారణం అదొక్కటే అని నేననుకోను. ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు కట్టి పోస్టును ప్రకటనగా నడిపితే దాని కింద నొక్కే బటన్ వచ్చేస్తుంది. ఉచితంగా రాసే రాతలో లేని తలుపు, డబ్బు కట్టినచోట తెరుచుకుంటోంది. జనం యాప్ లోపలే ఉండాలి, బయటికి పంపాలంటే రుసుము చెల్లించాలి అన్నది ఈ వ్యాపారం నడిచే తీరు. అమెరికన్ రచయిత అనిల్ దాష్ 2019 డిసెంబరులోనే దీని మీద గట్టిగా రాశారు. 'లింక్ బయోలో ఉంది' అనే మాట వెబ్‌ను నెమ్మదిగా కోస్తున్న కత్తి అన్నారు. ఆ తర్వాత వచ్చిన మార్పులు చూస్తే ఆయన భయం అతిశయోక్తి అనిపించదు.

ఈ మూసిన తలుపు పక్కనే ఒక కొత్త వ్యాపారం కూడా పుట్టింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సంగీత బృందాల ప్రచారం చూసే ముగ్గురు, బయోలో ఉన్న ఒక్క లింక్‌ను మాటిమాటికీ మార్చలేక 2016లో 'లింక్‌ట్రీ' తయారుచేశారు. బయోలో ఒకే లింక్ ఉంటుంది, దాన్ని నొక్కితే లింకుల జాబితా వస్తుంది, అంతే. 2022లో ఆ కంపెనీ విలువను 130 కోట్ల డాలర్లుగా కట్టారు.

బాక్స్: లింక్ ఎక్కడ పనిచేస్తుంది?

ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, రీల్ కింద రాతలో, కామెంట్లలో: వట్టి అక్షరాలే.
ఇన్‌స్టాగ్రామ్ బయోలో: పనిచేస్తుంది, అయిదు దాకా పెట్టుకోవచ్చు.
ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో: లింక్ స్టిక్కర్ అతికిస్తే పనిచేస్తుంది. ఒకప్పుడు 10,000 మంది ఫాలోయర్లు ఉన్నవాళ్లకే ఈ వెసులుబాటు. 2021 అక్టోబరు నుంచి అందరికీ ఇచ్చారు. స్టోరీ 24 గంటల్లో పోతుంది, హైలైట్స్‌లో దాచుకుంటే స్టిక్కర్‌తో సహా నిలుస్తుంది.
యూట్యూబ్ షార్ట్స్ వివరణలో: పనిచేయదు. బదులుగా 'సంబంధిత వీడియో' అనే ఏర్పాటు ఉంది. స్టూడియోలో ఆ షార్ట్‌కు పూర్తి ఎపిసోడ్‌ను జతచేస్తే నొక్కడానికి వీలుగా కనిపిస్తుంది.
వాట్సాప్, ఫేస్‌బుక్: రాతలోనే పనిచేస్తుంది.

తలుపు లేని గోడ మీద ఏం రాయాలి?

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. సురభి నాటకాల గురించి ఒక ఎపిసోడ్ చేశారనుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబ నాటక సంప్రదాయం అది. వాళ్ల 'మాయాబజార్' చూసినవాళ్లకు ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్లే దృశ్యం ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. సినిమాలో అయితే కెమెరా చేసిపెట్టే పని అది. రంగస్థలం మీద మనుషులే చేయాలి. ఆ తెర వెనుక పనిచేసిన ఒక పెద్దాయనతో గంటసేపు మాట్లాడారు. అందులోంచి 40 సెకన్ల టీజర్ కత్తిరించారు. ఇప్పుడు కింద రాయాలి.

ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది:

"కొత్త ఎపిసోడ్ వచ్చేసింది! ఈరోజు మన ఎపిసోడ్‌లో ఒక స్పెషల్ గెస్ట్‌తో చాలా ఆసక్తికరమైన విషయాలు మాట్లాడాం. మిస్ అవ్వకండి. పూర్తి వీడియో కోసం ఈ లింక్ క్లిక్ చేయండి…"

ఇన్‌స్టాగ్రామ్ రాతకు 2,200 క్యారెక్టర్ల దాకా చోటిస్తుంది కానీ, పూర్తిగా చూపించదు. సాధారణ పోస్టులో సుమారు 125 క్యారెక్టర్ల తర్వాత మిగతాది మడతపెట్టి, చూడాలంటే నొక్కమంటుంది. రీల్‌లో ఇంకా తక్కువ, ఒక వరుస కనిపిస్తే గొప్ప. పై రాతలో ఆ 125 అయిపోయేసరికి అతిథి ఎవరో తెలియదు, విషయం ఏమిటో తెలియదు, సురభి అన్న మాటే రాలేదు. 'కొత్త ఎపిసోడ్', 'స్పెషల్ గెస్ట్', 'ఆసక్తికరమైన విషయాలు' అనే మాటలు ఏ షో కిందనైనా అతికించవచ్చు. అందుకే ఎవరి వేలూ వాటి దగ్గర ఆగదు.

తెలుగులో రాసేవాళ్లకు మరో ఇబ్బంది కూడా ఉంది. మనం ఒక్క అక్షరం అనుకునేది కంప్యూటర్ లెక్కలో ఒక్కటి కాదు. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిపి యంత్రం దాన్ని ఆరుగా లెక్కేస్తుంది. 'ఎపిసోడ్' అన్న చిన్న మాటకు ఏడు పోతాయి. పైగా తెలుగు అక్షరాలు వెడల్పు, వరుసకు పట్టే మాటలు తక్కువ. కాబట్టి మనకు మడతకు ముందు దక్కేది మహా అయితే రెండు మూడు చిన్న వాక్యాలు. వాటిని 'నమస్కారం ఫ్రెండ్స్'కి ఖర్చు పెట్టకూడదు.

అదే ఎపిసోడ్‌కు మొదటి వాక్యాలు ఇలా రాసి చూడండి:

"ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూ ఎగిరి వెళ్లాలి. కెమెరా లేదు, ఎదురుగా జనం. తెర వెనుక ఎవరున్నారు?"

ఖాళీలతో కలిపి 90 క్యారెక్టర్ల లోపే ఉంది. ఇందులో అద్భుతం, అమోఘం వంటి విశేషణం ఒక్కటీ లేదు. కళ్లముందు ఒక దృశ్యం ఉంది, దానికి జవాబు దొరకని ప్రశ్న ఒకటి ఉంది. టీజర్ రాతకు ఇంతకుమించి రహస్యం లేదు. అయితే ఒక హద్దు పాటించాలి. ప్రశ్నకు జవాబు ఎపిసోడ్‌లో నిజంగా ఉండాలి. గంటలో ఎక్కడో అరనిమిషం తగిలిన మాటను పట్టుకుని పెద్ద వివాదంలా ఊరిస్తే జనం ఒకసారి వస్తారు, మళ్లీ రారు. అంతకన్నా బాధాకరమైనది, నమ్మి ఇంట్లోకి రానిచ్చి మాట్లాడిన పెద్దమనిషి తన ఊళ్లో తల దించుకోవాల్సి రావడం. టీజర్ ముక్కను, కింద రాతను పోస్టు చేసే ముందు అతిథికి ఒకసారి చూపించడం మర్యాద.

మోసుకుపోగల మాట

మొదటి వాక్యం ఆపుతుంది. ఆగిన మనిషి ఎపిసోడ్ దాకా ఎలా వెళ్లాలి? ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పనిచేయని లింక్ అతికించడం మొదటి తప్పు. తెరమీద క్యూఆర్ కోడ్ చూపించడం రెండోది. రీల్ చూస్తున్నది ఫోన్‌లోనే, అదే ఫోన్‌తో దాన్ని స్కాన్ చేయడం ఎలా? మొదటి కామెంట్‌లో లింక్ పెట్టడం మూడోది. ఫేస్‌బుక్‌లో అలవాటైన ఆ పద్ధతి ఇన్‌స్టాగ్రామ్‌లో చెల్లదు.

నొక్కే దారి లేనప్పుడు, చూసినవాళ్లు ఒక యాప్ మూసి మరో యాప్ తెరిచేదాకా మనసులో మోసుకుపోగల మాట ఇవ్వాలి. మూడు నాలుగు పదాలు చాలు. వాటిని వెతికితే మన ఎపిసోడే పైన రావాలి. లింక్ చేసే పని ఇక ఆ మాట చేస్తుంది.

ఆ మాటను ఎంచుకోవడం పైకి కనిపించినంత సులువు కాదు. సురభి ఉదాహరణనే చూడండి. 'మాయాబజార్' అని వెతకమంటే 1957 నాటి కె.వి.రెడ్డి సినిమా, అందులోని పాటలు, హాస్య సన్నివేశాలు వరుస కడతాయి. వాటి కింద మన ఎపిసోడ్ ఎక్కడుందో దేవుడికెరుక. వట్టి 'సురభి' అంటే ఆ పేరున్న ఇతర మనుషులు, కార్యక్రమాలు వస్తాయి. 'సురభి మాయాబజార్ తెర వెనుక' అంటే పోటీ చాలామటుకు తగ్గిపోతుంది. కాబట్టి యూట్యూబ్‌లో ఎపిసోడ్ శీర్షికలో అవే మాటలు అదే వరుసలో ఉండాలి. టీజర్ కింద ఒకటి, యూట్యూబ్‌లో మరొకటి, మాటల్లో ఇంకొకటి చెబితే వెతికే మనిషి మూడు చోట్లా దారి తప్పుతాడు.

తెలుగువాళ్లం వెతికే తీరు ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగు మాటను మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. ఎవరి స్పెల్లింగ్ వారిది. 'కథ'ను ఒకరు katha అంటే మరొకరు kadha అంటారు. మాయాబజార్‌కు mayabazar, maya bazaar, mayabazaar అన్నీ నడుస్తాయి. పెద్దవాళ్లయితే మైకు గుర్తు నొక్కి నోటితో అడుగుతారు, అప్పుడు తెలుగు లిపిలోనే వస్తుంది. అందుకని యూట్యూబ్ శీర్షికకు ఉన్న 100 క్యారెక్టర్లలో తెలుగు లిపి ముందు, ఇంగ్లిష్ అక్షరాల రూపం తర్వాత, రెండూ ఉండేలా చూసుకోవాలి. మిగతా స్పెల్లింగులను కింద వివరణలో వాక్యాల్లో కలిపి రాయవచ్చు. షో పేరు పెట్టుకునేటప్పుడే ఈ సంగతి ఆలోచించినవాళ్లు అదృష్టవంతులు. నలుగురు నాలుగు రకాలుగా రాసే పేరు పెట్టుకుంటే ప్రతి ఎపిసోడ్‌కూ ఆ భారం మోయాలి.

పరీక్ష కూడా చేయాలి. ముందు పూర్తి ఎపిసోడ్ ఎక్కించాలి. కాస్త వ్యవధి ఇచ్చి, మన ఖాతా లేని ఫోన్‌లో ఆ మాటలు వెతికి చూడాలి. మన ఫోన్‌లో అయితే మన వీడియోలే మనకు ముందు కనిపిస్తాయి, దాన్ని నమ్మి మోసపోతాం. పక్కింటి పిన్నిగారికో మేనమామకో ఆ మాట ఒక్కసారి నోటితో చెప్పి, "కాస్త వెతికి పెట్టండి" అని ఆమె వేళ్లు ఏం టైపు చేస్తాయో, ఆయన నోరు ఏం పలుకుతుందో గమనించండి. వాళ్లకు పైన కనిపిస్తేనే టీజర్ వదలాలి. కనిపించకపోతే శీర్షిక మార్చడానికి అదే సమయం.

ఎంచుకున్న మాటను రాతలో ఉంచితే సరిపోదు, టీజర్‌లోనూ వినిపించాలి, తెరమీద అక్షరాల్లోనూ కనిపించాలి. రాతను తెరిచి చదివేవాళ్లకన్నా రీల్ చూసి వదిలేసేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ.

'బయోలో లింక్' అంటే ఎవరి బయోలో?

రాతలో వెబ్ లింక్ పనిచేయదు కానీ, అక్కడే నొక్కితే పనిచేసేది ఒకటుంది. @ గుర్తుతో రాసిన పేజీ పేరు. దాన్ని నొక్కితే నేరుగా ఆ ప్రొఫైల్‌కు వెళ్తాం, అక్కడ బయోలో లింక్ ఉంటుంది. ఈ చిన్న సంగతిని వాడుకోకుండా ఊరికే 'లింక్ ఇన్ బయో' అని రాసేవాళ్లే ఎక్కువ.

అతిథితో కలిసి పోస్టు పెట్టినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. 2021 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో 'కొలాబ్' పద్ధతి ఉంది. ఒకే రీల్ మన పేజీలోనూ అతిథి పేజీలోనూ కనిపిస్తుంది, పైన ఇద్దరి పేర్లూ ఉంటాయి. చాలా మంచి ఏర్పాటు, అతిథిని అభిమానించేవాళ్లందరికీ మన షో చేరుతుంది. ఆ రీల్ కింద 'బయోలో లింక్ ఉంది' అని రాస్తే మాత్రం ఆ అభిమానులు ఎవరి బయోకు వెళ్తారు? తమకు తెలిసిన అతిథి పేరే నొక్కుతారు. అక్కడ ఆయన నాటక సమాజం లింకో, ఫేస్‌బుక్ పేజీయో ఉంటుంది. ఎపిసోడ్ ఉండదు. తిరిగొచ్చి రెండో పేరు నొక్కే ఓపిక ఎందరికి ఉంటుంది? కాబట్టి బయో అన్న మాటకు బదులు, @ గుర్తుతో షో పేజీ పేరు రాసి, "ఈ పేరు నొక్కండి, పైన లింక్ ఉంటుంది" అని తెలుగులో చెప్పడం మేలు. బయో అంటే ఏమిటో తెలియని వీక్షకులు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. అరవై దాటిన నాటకాభిమానికి ఆ మాట ఏమీ చెప్పదు.

బయోలో పెట్టిన లింక్‌కు మరో జబ్బుంది. అది పాతబడుతుంది. ఈ వారం సురభి ఎపిసోడ్ లింక్ పెడతారు. వచ్చేవారం దాన్ని తీసేసి కొత్త ఎపిసోడ్ లింక్ పెడతారు. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు పోస్టులను పెట్టిన వరుసలో చూపించదు, ఎవరికి ఏది నచ్చుతుందో తనే అంచనా వేసి చూపిస్తుంది. సురభి రీల్ మూడు వారాల తర్వాత కూడా కొత్తవాళ్లకు చేరవచ్చు. వాళ్లు లింక్ నొక్కితే తెరుచుకునేది వేరే ఎపిసోడ్. దీనికి మందు సులువే. ఒక్కో ఎపిసోడ్ లింక్ కాకుండా, అన్ని ఎపిసోడ్లూ నంబర్లతో వరుసగా ఉండే శాశ్వతమైన పేజీ లింక్ బయోలో ఉంచాలి. రాతలో ఎపిసోడ్ నంబరు చెప్పాలి. అదే కారణంతో 'ఈరోజు', 'ఈ సాయంత్రం', 'ఇప్పుడే వచ్చింది' వంటి మాటలు రాతలో వద్దు. 'రాత్రి 8 గంటలకు' అని రాస్తే డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకు అది ఎండాకాలంలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. గంట చెప్పక తప్పకపోతే తేదీతో పాటు 'భారత కాలమానం' అని చేర్చాలి.

లింక్ నొక్కి బయటికి వెళ్లినా కథ పూర్తి కాదు. చాలా ఫోన్లలో ఆ లింక్ యూట్యూబ్ యాప్‌లో కాకుండా ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ వీక్షకుడి యూట్యూబ్ ఖాతా లాగిన్ అయి ఉండదు. సబ్‌స్క్రైబ్ నొక్కితే లాగిన్ అవ్వమంటుంది, తర్వాత చూద్దామని దాచుకోవడానికి వీలుండదు, యాప్ మూస్తే వీడియో ఎక్కడిదాకా చూశాడో కూడా పోతుంది. గంట ఎపిసోడ్‌ను ఒకే విడతలో చూసేవాళ్లు తక్కువ కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. వెతికే మాట ఇవ్వడం మేలని నేను గట్టిగా అనడానికి ఇదీ ఒక కారణం. వెతుక్కుని వెళ్లినవాడు తన సొంత యాప్‌లో, తన సొంత ఖాతాలో చూస్తాడు.

ఇవన్నీ కలిపితే మన సురభి ఎపిసోడ్ రాత ఇలా తయారవుతుంది:

"ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూ ఎగిరి వెళ్లాలి. కెమెరా లేదు, ఎదురుగా జనం. తెర వెనుక ఎవరున్నారు?

1885లో కడప జిల్లా సురభిలో పుట్టిన నాటక సంప్రదాయం ఇది. ఆ తెర వెనుక తాడు పట్టిన పెద్దాయన, పట్టు తప్పిన ఒక రాత్రి గురించి చెప్పారు.

యూట్యూబ్‌లో ఇలా వెతకండి: సురభి మాయాబజార్ తెర వెనుక
లేదా (@ గుర్తుతో మీ పేజీ పేరు) నొక్కండి, పైన లింక్ ఉంటుంది. ఎపిసోడ్ 12."

ఇదే రాతను వాట్సాప్‌కు పంపేటప్పుడు చివరి రెండు వరుసలు తీసేసి నేరుగా లింక్ పెట్టాలి. అక్కడ తలుపు తెరిచే ఉంది. ఇన్‌స్టాగ్రామ్ కోసం రాసిన 'పేరు నొక్కండి'ని వాట్సాప్ గ్రూపులో యథాతథంగా అతికిస్తే చదివినవాళ్లకు నొక్కడానికి ఏమీ ఉండదు.

బాక్స్: 'కామెంట్ పెట్టండి, లింక్ పంపుతాం'

ఒక మాట చెప్పి దాన్ని కామెంట్‌గా పెట్టమనడం, పెట్టినవారికి మెసేజ్‌లో లింక్ పంపడం ఇప్పుడు బాగా నడుస్తున్న పద్ధతి. మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కితే తెరుచుకుంటుంది కాబట్టి ఉపయోగమే. హద్దులు తెలిసి వాడాలి. కామెంట్‌కు జవాబుగా యంత్రం ఒక్క మెసేజ్ మాత్రమే పంపగలదు, అదీ కామెంట్ పెట్టిన ఏడు రోజుల్లోపు. వాళ్లు తిరిగి జవాబిస్తేనే, 24 గంటలపాటు సంభాషణ కొనసాగించే వీలు దొరుకుతుంది. పదిమందిలో కామెంట్ పెట్టడానికి మొహమాటపడేవాళ్లకు, ముఖ్యంగా ఆరోగ్యం, అప్పులు, కుటుంబ కలహాల వంటి విషయాలపై ఎపిసోడ్ అయితే, ఈ దారి పనికిరాదు. అలాంటి ఎపిసోడ్‌కు 'అప్పు అని కామెంట్ పెట్టండి' అనడం మనిషిని బజారులో నిలబెట్టడమే.

దారి ఎక్కడ తెగింది?

ఎపిసోడ్‌కు జనం రాకపోతే తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి చూడాల్సిన చోట్లు కొన్నే. ఇన్‌స్టాగ్రామ్ గణాంకాల్లో ఆ రీల్ ఎందరికి చేరింది, ఆ రోజుల్లో ఎందరు ప్రొఫైల్‌కు వచ్చారు, ఎందరు లింక్ నొక్కారు అన్నవి కనిపిస్తాయి. రీల్ చాలామందికి చేరి, ప్రొఫైల్‌కు వచ్చినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంత ఉంటే తప్పు రాతలోనే ఉంది. ఎక్కడికి వెళ్లాలో అది చెప్పలేదు, లేదా టీజరే కథంతా చెప్పేసింది. ప్రొఫైల్ దాకా వచ్చి లింక్ నొక్కకుండా వెళ్లిపోతున్నారంటే బయోలోనో, లింకుల పేజీలోనో గందరగోళం ఉంది. పదిహేను బటన్ల జాబితాలో 12వ ఎపిసోడ్ ఎక్కడుందో వెతకలేక వెనుదిరిగారన్నమాట.

వెతుక్కుని వెళ్లినవాళ్లు ఈ లెక్కలో కనిపించరు. వాళ్లను యూట్యూబ్ స్టూడియోలో చూడాలి. వీక్షకులు ఎక్కడి నుంచి వచ్చారో చూపే భాగంలో 'యూట్యూబ్ సెర్చ్' కింద జనం టైపు చేసిన మాటలు వరుసగా ఉంటాయి. టీజర్ వదిలిన రెండు మూడు రోజుల్లో అక్కడ మనం ఇచ్చిన మాట కనిపిస్తే రాత పనిచేసింది. మాట కొద్దిగా మారి, వేరే స్పెల్లింగ్‌తో కనిపిస్తే ఇంకా మంచిది. జనం నోట్లో అది ఎలా నానుతోందో తెలిసింది కాబట్టి దాన్ని వెంటనే వివరణలో చేర్చుకోవచ్చు. అసలు కనిపించకపోతే, వచ్చేవారం టీజర్‌కు మాట మార్చి చూడాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఎంత బాగా రాసినా, రీల్ చూసినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. 40 సెకన్ల కోసం వచ్చినవాళ్లకు గంట కూర్చునే తీరిక ఉండకపోవచ్చు. అందుకే ఆ 40 సెకన్లు ఊరించి వదిలేసేవి కాకుండా, ఒక ముక్కగానైనా నిండుగా ఉండాలి. పెద్దాయన ముఖం, ఆ నవ్వు, ఆయన పేరు, ఆయన కళ పేరు చూసినవారికి దక్కాలి. ఎపిసోడ్ దాకా రాలేనివాడికి కూడా ఏదో ఒకటి ఇచ్చి పంపడం ఆ పెద్దాయన పట్ల మన బాధ్యత.

చూసేవాళ్లకో మనవి

మీరు ఇష్టపడే తెలుగు షో ఏదైనా తన రాతలో పనిచేయని లింక్ పెడితే, విసుక్కుని పక్కకు జరిపేయకండి. "లింక్ నొక్కితే తెరుచుకోవడం లేదండీ, ఏమని వెతకాలో చెప్పండి" అని ఒక కామెంట్ పెట్టండి. తమ పోస్టులోని లింక్‌ను తామే నొక్కి చూసుకునేవాళ్లు తక్కువ. చెప్పేదాకా చాలామందికి తెలియదు.